క్యాజువాలిటీకి ఉద్రేకంతో వచ్చిన రోగి: మొదటి రెండు గంటల్లో ఏం చేయాలి

జిల్లా, ఏరియా, బోధనాసుపత్రుల క్యాజువాలిటీల్లో రాత్రి డ్యూటీ చేసే హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. అరుస్తూ, తోసేస్తూ, మంచం మీద నిలవని రోగి వచ్చినప్పుడు మూడు పనులు మీద పడతాయి. ఒంట్లో జబ్బేదైనా ఉందేమో వెతకాలి, మాటతో శాంతింపజేయాలి, అది కుదరకపోతే మందుతో శాంతింపజేయాలి. ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి కావు, కలిసే నడుస్తాయి. కలిసి నడిచినా వాటికో క్రమం ఉంది, అది తప్పితే రోగి ప్రాణం మీదికొస్తుంది.

ఒక కేసు తీసుకుందాం. మెదక్ వైపు పల్లె నుంచి పెళ్లి కోసం హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఇంటికి వచ్చిన నలభై ఎనిమిదేళ్ల హమాలీ. వచ్చి మూడో రోజు. రాత్రి పదకొండున్నరకు కొడుకు, భార్య, ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లు ఆటోలో పట్టుకొచ్చారు. చెమటలు కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, గోడ మీది నుంచి ఏదో దులుపుతున్నాడు. "నన్ను పోనియ్యిండ్రి, వీళ్లు నన్ను సంపుతరు" అంటున్నాడు. మొన్నటిదాకా బాగానే ఉన్నాడని, గాలి సోకిందని ఇంట్లో వాళ్ల మాట. ట్రాలీ తోసిన వార్డు బాయ్ అప్పటికే "సైకియాట్రీ కేసు సార్, ఎర్రగడ్డకు రాసేయండి" అన్నాడు. అలా రాసేస్తే ఈ మనిషి దారిలోనే పోవచ్చు. ఎందుకో కింద చదవండి.

1. దగ్గరికి వెళ్లే ముందు

రోగి దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. సెక్యూరిటీని, ఇద్దరు వార్డు బాయ్‌లను, ఒక నర్సును పిలిపించుకోండి. వాళ్లు కనబడేంత దూరంలో నిలబడాలి, రోగిని చుట్టుముట్టకూడదు. నలుగురు మీద పడేలా నిలబడితే భయపడ్డ మనిషి కొట్టడానికే చూస్తాడు.

మెడలో స్టెతస్కోపు, ఐడీ కార్డు తాడు, చున్నీ ఉంటే తీసేయండి. జేబులోని పెన్ను, కత్తెర కూడా తీసి పక్కన పెట్టండి. సెలైన్ స్టాండు, గాజు సీసాలు, ట్రేలు రోగి చేతికి అందనంత దూరం జరిపించండి. రోగి నడుముకు, జేబుల్లో ఏమైనా ఉన్నాయేమో ఇంట్లో వాళ్లను అడిగి తెలుసుకోండి. నిలబడేటప్పుడు తలుపు మీ వెనక ఉండాలి, కానీ రోగికి దారి మూసేసినట్టు ఉండకూడదు. ఇద్దరికీ దారి ఉండాలి. మధ్యన రెండు చేతుల దూరం చాలు.

జనరల్ హాల్లో వంద కళ్లు చూస్తుంటే ఏ మాటా పనిచేయదు. పక్క గది ఉంటే అక్కడికి మార్చండి. లేకపోతే తెర వేయించి, ఇంట్లో వాళ్లలో రోగి వినే ఒక్కరిని మాత్రం ఉంచి మిగతా వాళ్లను బయటికి పంపండి. ఎవరి మాట వింటాడో అడిగితేనే తెలుస్తుంది. మన కేసులో కొడుకు మీద అనుమానం, భార్య చెయ్యి మాత్రం వదలడం లేదు. ఆమెను ఉండమన్నాం.

2. ముట్టుకోకుండా చూడగలిగినవి, ముట్టుకుని కొలవాల్సినవి

గది తలుపు దగ్గర నిలబడే చాలా చూడొచ్చు. ఒళ్లు తడిగా ఉందా, పొడిగా ఉందా? ముఖం ఎర్రబడిందా, నీలంగా ఉందా? ఊపిరి వేగంగా ఉందా? రెండు చేతులూ రెండు కాళ్లూ సమానంగా కదులుతున్నాయా? తలకు దెబ్బ, చెవి నుంచి రక్తం ఉన్నాయా? నోటి నుంచి మద్యం వాసనో పురుగుమందు వాసనో వస్తోందా? మద్యం వాసన వచ్చినంత మాత్రాన మిగతావి ఆపకండి. తాగి పడిపోయి తలలో రక్తం గడ్డకట్టిన వాళ్లకూ ఆ వాసన వస్తుంది.

అన్నిటికన్నా ముందు కొలవాల్సింది రక్తంలో చక్కెర. వేలికి సూది గుచ్చడానికి అర నిమిషం చాలు. షుగరు మాత్రలు వేసుకునే ముసలాయన అన్నం తినకుండా మాత్ర వేసుకుని తిట్లకు దిగడం రాత్రి డ్యూటీ చేసిన అందరూ చూసిందే. 70 కంటే తక్కువ ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. రోగి మెలకువగా ఉండి మింగగలిగితే గ్లూకోజ్ నీళ్లు తాగించండి. మింగలేకపోతే, చక్కెర బాగా పడిపోతే, నరం దొరికితే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి ఇవ్వండి. తాగుడు అలవాటు ఉందని అనుమానం ఉంటే దాంతోపాటే థయమిన్ ఇవ్వాలి. థయమిన్ కోసం వెతుకుతూ చక్కెర ఆపకండి.

తర్వాత పల్స్ ఆక్సీమీటరు, నాడి, బీపీ, ఉష్ణోగ్రత. ఉద్రేకంగా ఉన్నవాడికి బీపీ ఎలా చూస్తాం అని వదిలేస్తుంటారు. ఒకసారి కుదరకపోతే పది నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నించండి. కానీ కేసు షీటులో 'కుదరలేదు' అని రాయండి, ఊహించి 120/80 రాయకండి. ఆ ఊహ మీద ఆధారపడి తర్వాత డాక్టరు మందు వేస్తాడు.

మన రోగికి నర్సమ్మ "అన్నా, గొంతు ఎండింది కదా, నీళ్లు తాగుతరా" అని గ్లాసు ఇచ్చి, ఆ సందులో వేలికి సూది గుచ్చింది. చక్కెర 64. గ్లాసులో గ్లూకోజ్ కలిపి రెండు సార్లు తాగించింది. నాడి 128, ఆక్సిజన్ 96, జ్వరం 100.6. బీపీ మొదటిసారి కుదరలేదు. పావుగంటకు చక్కెర 110కి వచ్చింది, ఉద్రేకం మాత్రం అలాగే ఉంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఒక కారణం దొరికింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. చక్కెర సరై కూడా మనిషి సరికాలేదంటే ఇంకో కారణం ఉందన్నమాట.

3. మాటతో

మాట్లాడేది ఒక్కరే. మిగతా అందరూ నోరు మూసుకోవాలి. డాక్టరు ఒకటి, సెక్యూరిటీ ఒకటి, కొడుకు ఇంకొకటి చెబుతుంటే మతి నిలవని మనిషికి అన్నీ అరుపులుగానే వినిపిస్తాయి. ఆ ఒక్కరు డాక్టరే కావాలని లేదు. ఎవరి గొంతు మెత్తగా ఉందో, ఎవరికి ఆ ఊరి మాట వచ్చో వాళ్లు మాట్లాడాలి.

మొదట పేరు చెప్పి, మీరెవరో చెప్పి, ఇక్కడ ప్రమాదం లేదని చెప్పండి. "అన్నా, నేను డాక్టర్‌ను. ఇది దవాఖాన. ఇక్కడ మిమ్మల్ని ఎవ్వరేమనరు." అంతే. చిన్న వాక్యాలు. ఒక వాక్యం చెప్పి ఆగండి. బదులు రాకపోతే అదే మాట మళ్లీ అదే గొంతుతో చెప్పండి. కొత్త మాటలు చేర్చుకుంటూ పోతే పాత మాట పోతుంది. వయసులో పెద్దవాళ్లయితే పెద్దాయనా, అమ్మా, కాకా అని, మీరు అని పిలవండి. ఉద్రేకంగా ఉన్నవాడిని "ఏయ్, కూర్చో" అంటే గొడవ ఇంకో మెట్టెక్కుతుంది.

గోడ మీద పురుగులు ఉన్నాయని అతను అంటే, లేవని వాదించకండి, ఉన్నాయని ఒప్పుకోకండి. "నాకు కనబడ్తలేవు అన్నా, మీకు కనబడ్తున్నయంటే భయం అయితది. మీ దగ్గర నేనుంట" అనండి. భయం నిజమే కాబట్టి భయాన్ని ఒప్పుకోవచ్చు, పురుగులను ఒప్పుకోనక్కర్లేదు. తర్వాత ఏం కావాలో అడగండి. నీళ్లా, మూత్రానికి పోవాలా, ఇంట్లో వాళ్లకు ఫోన్ చేయాలా? మూత్రం బిగుసుకున్న ముసలివాళ్లు చెప్పుకోలేక తన్నుకులాడుతుంటారు. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూడటం మరిచిపోవద్దు.

హద్దులు చెప్పాల్సి వస్తే బెదిరింపులా కాకుండా జరగబోయేది చెప్పండి. "కొడితే అందరికీ దెబ్బలు తాకుతయి, మీకు సుత. కొట్టకుండా చూసే బాధ్యత నాది." వెంటనే రెండు దారులు ముందు పెట్టండి. "కుర్చీలో కూర్చుంటరా, మంచం మీదనా?" "గోలీ మింగుతరా, సూది వేయమంటరా?" ఎంచుకునే వీలు ఇచ్చినప్పుడు చాలామంది చెయ్యి దించుతారు. అడిగినదానికల్లా ఒప్పుకోకండి. ఇంటికి పంపిస్తానని చెప్పి సూది వేస్తే ఆ రోగి మళ్లీ ఏ డాక్టరు మాటా నమ్మడు.

దీనికి పది నిమిషాలు ఇవ్వండి. తెలివి స్పష్టంగా ఉన్నవాళ్లలో, అంటే మానసిక జబ్బు తిరగబెట్టిన వాళ్లలో, కోపంతో వచ్చిన వాళ్లలో చాలాసార్లు పది నిమిషాల్లో పని అవుతుంది. సన్నిపాతంలో, అంటే డిలీరియంలో ఉన్నవాళ్లకు మాట కొద్దిసేపే నిలుస్తుంది, మళ్లీ మొదటికొస్తారు. మాట పనిచేయలేదని కోప్పడకండి. అలా నిలవకపోవడమే మీకు ఒక ఆధారం.

4. ఒంటి జబ్బా, మనసు జబ్బా

ఇది తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చాలావరకు సరిపోతుంది. శనివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి. చదువు రానివాళ్లు కూడా చెప్పగలరు. మధ్యలో తప్పిపోయి, మాట దారి మళ్లి, ఏం అడిగారో మరిచిపోతే శ్రద్ధ నిలవడం లేదన్నమాట. దానికి తోడు ఈ పరిస్థితి కొన్ని గంటల్లో, రోజుల్లో మొదలై ఉంటే, పొద్దున కొంచెం బాగుండి రాత్రికి పెరుగుతుంటే, అది డిలీరియం. స్కిజోఫ్రీనియా ఉన్నవాడు ఎంత అరిచినా సాధారణంగా ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నాడో చెప్పగలడు. గొంతులు వినిపించడం మానసిక జబ్బుల్లో ఎక్కువ. కంటికి పురుగులో మనుషులో కనిపిస్తే ముందు ఒంటి జబ్బునే అనుమానించాలి.

నలభై దాటాక మొదటిసారి ఇలా వచ్చినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు, మూర్ఛ వచ్చినవాళ్లు, ఒక పక్క బలహీనంగా ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, ఈమధ్యే మందు మార్చినవాళ్లు ఎవరైనా సరే, వేరేది తేలేదాకా వాళ్లది ఒంటి జబ్బే.

ఇప్పుడు ఇంట్లో వాళ్లను అడగాలి. ఇక్కడ తెలంగాణ క్యాజువాలిటీలో జరిగే పొరపాటు ఒకటుంది. "తాగుతాడా?" అని అడుగుతాం. మన రోగి భార్య కూడా "మందు ముట్టడు సారూ" అని గట్టిగా చెప్పింది. అబద్ధం కాదు. ఆమె లెక్కలో మందు అంటే సీసా సారా, విస్కీ. "కల్లు తాగుతడా అమ్మా?" అని అడిగితే, "కల్లా? అది పొద్దుమాపు తాగుతడు, మూడు నాలుగు సీసలు. ఈడ దొరుకతలేదు" అంది. ఆ ఒక్క ప్రశ్నతో కేసు మలుపు తిరిగింది.

చెట్టు నుంచి దించిన కల్లు వేరు, కాంపౌండ్‌లో అమ్మే కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రజొలామ్ కలుపుతారు. ఏళ్ల తరబడి తాగినవాడి మెదడు మద్యానికే కాదు, ఆ మత్తుమందుకూ అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో వణుకు, నిద్రలేమి, చెమటలు మొదలై, తర్వాత మూర్ఛ, ఆపైన డిలీరియం వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు ఇలాంటి రోగులే బారులు తీరారు. కాబట్టి దుకాణం మూసిన రోజు, ఊరు దాటిన రోజు, ఎముక విరిగి వార్డులో పడ్డ రోజు ఎప్పుడో కనుక్కుని, అక్కడి నుంచి గంటలు లెక్కపెట్టండి. ఎముకల వార్డులో మూడో రాత్రి కట్టు పీకేసుకునే రోగి కూడా తరచూ ఇదే బాపతు.

భార్య ఇంకో మాట చెప్పింది. మొన్న రాత్రి కాళ్లూ చేతులూ కొట్టుకుని మంచం మీది నుంచి కింద పడ్డాడట. మూర్ఛ వచ్చి తల నేలకు తగిలిన మనిషికి సీటీ స్కాన్ తీయకుండా ఎక్కడికీ పంపకూడదు.

మన ప్రాంతంలో తప్పక గుర్తుండాల్సింది ఇంకొకటి అట్రోపిన్. పురుగుమందు తాగి వచ్చిన రోగికి అట్రోపిన్ ఇస్తూ పోతాం. రెండో రోజు అతను గుడ్డలు పీక్కుంటూ, గాలిలో ఏదో పట్టుకుంటూ, మాటలు ముద్దగా మాట్లాడుతూ గొడవ చేస్తాడు. ఒళ్లు పొడిగా, వేడిగా, ఎర్రగా ఉంటుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. నాడి వేగం, మూత్రం బిగింపు ఉంటాయి. అది అట్రోపిన్ ఎక్కువైన డిలీరియం. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయేమో విని, ఉంటే అట్రోపిన్ ఆపి, బెంజోడయాజెపైన్ ఇవ్వాలి. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్లదీ ఇదే రూపం. వీళ్లకు హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ జంట వేయకండి. ప్రోమెథజిన్‌కు అట్రోపిన్ లాంటి గుణమే ఉంది కాబట్టి అది మంటలో నూనె పోసినట్టే. చెమటలు పట్టి వణుకుతుంటే కల్లు ఆగిన మనిషి, పొడిగా కాలుతుంటే అట్రోపిన్. ఒక్క చెయ్యి నుదుటి మీద పెడితే ఈ రెండిటికీ తేడా సగం తెలుస్తుంది.

మెడ బిగుసుకుని జ్వరం ఉంటే మెదడువాపు, మెనింజైటిస్ చూడాలి. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకు మలేరియా పరీక్ష చేయాలి. మే నెల ఎండలో పని చేసి వచ్చినవాళ్లకు వడదెబ్బ చూడాలి. ముసలివాళ్లకు సోడియం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చూడాలి.

5. మందు: నోటితో, తర్వాత సూదితో

మందు అవసరమైతే మొదట నోటితోనే ఇవ్వజూపండి. లోరాజెపామ్ 2 మి.గ్రా., లేదా నోట్లో కరిగే ఒలాంజపైన్ 5 నుంచి 10 మి.గ్రా. మింగినవాళ్లకు అరగంట నుంచి గంట సమయం ఇవ్వాలి. పది నిమిషాలకే సూది అందుకోకండి.

సూది దాకా వస్తే ప్రశ్న ఒక్కటే. ఇది మానసిక జబ్బా, మత్తు ఆగిపోవడమా, ఇంకా తెలియదా?

తెలిసిన మానసిక జబ్బు తిరగబెట్టి, తెలివి స్పష్టంగా ఉండి, కొడుతుంటే హాలోపెరిడాల్ 5 మి.గ్రా.తో ప్రోమెథజిన్ 50 మి.గ్రా. కండరంలోకి ఇవ్వండి. ఈ జంటకు మన దేశపు ఆధారం ఉంది. వెల్లూరు సీఎంసీలో 200 మంది మీద జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో లోరాజెపామ్ ఇచ్చినవాళ్లకన్నా ఈ జంట ఇచ్చినవాళ్లు త్వరగా శాంతించారు. 2007లో అక్కడే 300 మందితో వెలువడిన మరో అధ్యయనంలో ఒలాంజపైన్ సూది వేగంలో దీనితో సమానంగానే ఉన్నా, నాలుగు గంటలలోపు మళ్లీ మందు వేయాల్సిన వాళ్లు ఒలాంజపైన్ వైపే ఎక్కువ. హాలోపెరిడాల్ ఒక్కటే వేయకండి. మెడ, నాలుక, కళ్లు ఒక పక్కకు మెలితిరిగే డిస్టోనియా వస్తుంది. కుర్రవాళ్లలో అది మరీ ఎక్కువ. అలా వస్తే ప్రోమెథజిన్ 25 నుంచి 50 మి.గ్రా. ఇస్తే తగ్గుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు హాలోపెరిడాల్ వద్దు. వీలైతే ముందు ఈసీజీ తీసి క్యూటీ చూడండి. తీయలేని పరిస్థితి అయితే శాంతించాక తీయండి.

మద్యమో, కల్లో, నిద్రమాత్రలో ఆగి వచ్చినవాళ్లకు, ఏ కారణమో తెలియనివాళ్లకు మొదటి మందు బెంజోడయాజెపైన్. లోరాజెపామ్ 2 మి.గ్రా. కండరంలోకి, అవసరమైతే ఇరవై నుంచి ముప్పై నిమిషాల తర్వాత మళ్లీ 2 మి.గ్రా. లేదా మిడజోలామ్ 5 మి.గ్రా. కండరంలోకి. ఇది ఇంకొంచెం త్వరగా పనిచేస్తుంది, ఊపిరినీ అంతే త్వరగా తగ్గించవచ్చు. మిడజోలామ్ వయల్ మీద మి.లీ.కి 1 మి.గ్రా. ఉందో, 5 మి.గ్రా. ఉందో చదివాకే సిరంజిలోకి తీయండి. రెండూ మన స్టోర్లలో ఉంటాయి. లోరాజెపామ్ ఆంపూల్స్ ఫ్రిజ్‌లో ఉండాలి, అది ఎక్కడుందో డ్యూటీ మొదలుకాగానే చూసుకోండి. డయాజెపామ్‌ను కండరంలోకి వేయకండి. ఒకరికి తక్కువ, ఒకరికి ఎక్కువ ఇంకుతుంది. అది నరంలోకి మాత్రమే.

ఇలాంటి రోగికి హాలోపెరిడాల్ ఒక్కటే వేస్తే మనిషి కదలకుండా పడుంటాడు, వార్డు ప్రశాంతంగా ఉంటుంది. కానీ లోపల మత్తు ఆగిన మెదడు అలాగే మండుతుంటుంది. మూర్ఛ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఎర్రగడ్డకు రాసేస్తే దారిలో పోవచ్చని మొదట్లో అన్నది ఇందుకే.

ముసలివాళ్లకు, చాలా సన్నగా ఉన్నవాళ్లకు మోతాదులు సగం, పావు చేయండి. లోరాజెపామ్ అర మి.గ్రా. నుంచి 1 మి.గ్రా., హాలోపెరిడాల్ అర మి.గ్రా. నుంచి 1 మి.గ్రా.తో మొదలుపెట్టాలి. ఒలాంజపైన్ సూది వేసిన గంటలోపు బెంజోడయాజెపైన్ సూది వేయకండి. బీపీ, ఊపిరి రెండూ పడిపోవచ్చు. అప్పటికే బాగా తాగి మద్యం మత్తులో ఉన్నవాళ్లకు కూడా బెంజోడయాజెపైన్ ఊపిరి మీదికి తెస్తుంది.

మన రోగికి గోలీ ఇస్తే ఉమ్మేశాడు. మళ్లీ అడిగితే నర్సమ్మను తోశాడు. సూది నిర్ణయం అక్కడ జరిగింది. తలకు దెబ్బ తగిలి ఉండవచ్చు కాబట్టి లోరాజెపామ్ 2 మి.గ్రా.తోనే మొదలుపెట్టాం.

6. పట్టుకోవాల్సి వస్తే

ఐదుగురు కావాలి. రెండు కాళ్లకూ రెండు చేతులకూ నలుగురు, తల దగ్గర ఒకరు. తల దగ్గరున్న వాళ్లు తలను కాపాడుతూ రోగితో మాట్లాడుతూ ఉండాలి, ముఖం, ఊపిరి చూస్తూ ఉండాలి. వెల్లకిలా, తలవైపు కొంచెం ఎత్తుగా, లేదా ఒక పక్కకు తిప్పి పట్టుకోవాలి. బోర్లా పడుకోబెట్టకండి. ఛాతీ మీద, మెడ మీద, వీపు మీద మోకాలు పెట్టకండి. "ఊపిరాడటం లేదు" అని రోగి అంటే అది నటన కాదనుకుని వెంటనే వదులు చేయండి. పెనుగులాట ఒక్కసారిగా ఆగిపోతే శాంతించాడని సంబరపడకండి, ఊపిరి చూడండి.

తొడ బయటివైపు కండరంలో సూది వేశాక పట్టు నెమ్మదిగా వదలండి. గుడ్డతో కట్టాల్సి వస్తే కట్టు కింద రెండు వేళ్లు దూరాలి, పదిహేను నిమిషాలకోసారి చేతుల రంగు, నాడి చూడాలి. పాత చీర ముక్కతో మంచానికి కట్టేసి పొద్దునదాకా వదిలేయడం చికిత్స కాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఇక్కడ వర్తిస్తుంది. 97వ సెక్షన్ ప్రకారం అప్పటికప్పుడు జరగబోయే హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి. శిక్షగానో, సిబ్బంది తక్కువున్నారనో కట్టకూడదు. ఎందుకు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది రాయాలి, రోగి నామినేట్ చేసిన ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. 94వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయమో, తీవ్రమైన హానో ఉన్నప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స చేయవచ్చు. ప్రతినిధి అందుబాటులో ఉంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి. ఇది 72 గంటలు మించకూడదు. అందుకే భార్య సంతకం, సమయం, అప్పటి రోగి స్థితి రెండు వాక్యాల్లో రాసి పెట్టాం.

7. సూది తర్వాత గంట

శాంతించిన రోగిని వదిలి వేరే మంచానికి వెళ్లడంలోనే ప్రమాదం ఉంది. మొదటి గంటలో ప్రతి పదిహేను నిమిషాలకు ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నాడు, ఆక్సిజన్, నాడి, బీపీ, పిలిస్తే పలుకుతున్నాడా అన్నది రాయాలి. తర్వాత అరగంటకోసారి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆంబు బ్యాగ్, సక్షన్, ఆక్సిజన్ మంచం పక్కనే ఉండాలి. ఊపిరి నిమిషానికి పదికి తగ్గినా, ఆక్సిజన్ 92 కంటే పడినా గడ్డం పైకెత్తి, ఆక్సిజన్ పెట్టి, సీనియర్‌ను పిలవండి. ఫ్లుమజెనిల్ చేతిలో ఉన్నా ఇలాంటి రోగికి వాడకండి. మత్తుమందుకు అలవాటు పడ్డ మెదడులో అది మూర్ఛ తెప్పిస్తుంది. ఊపిరికి సాయం చేస్తూ మందు దిగేదాకా ఆగడమే మంచిది.

లక్ష్యం గాఢ నిద్ర కాదు. పిలిస్తే కళ్లు తెరిచి, ఒక మాట చెప్పి, మళ్లీ కునుకు తీసే స్థితి చాలు.

మన రోగి ఇరవై ఐదు నిమిషాలకు కాన్యులా పెట్టనిచ్చాడు. అప్పుడు బీపీ 160/100. తల పూర్తిగా తడిమి చూస్తే ఎడమ చెవి వెనక బొప్పి దొరికింది. థయమిన్ నరంలోకి వేశాం. మతి తప్పి నడక, కంటి కదలికలు కూడా తేడాగా ఉంటే వెర్నికే జబ్బుగా భావించి 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇస్తారు. ఉద్రేకం ఇంకా ఉన్నందున డయాజెపామ్ 10 మి.గ్రా. నరంలోకి రెండు నిమిషాలకు పైగా తీసుకుని మెల్లగా, పది నిమిషాలు ఆగి చూసి మరో 10 మి.గ్రా. ఇచ్చాం. కామెర్లు, పొట్టలో నీరు ఉన్నవాడైతే డయాజెపామ్ బదులు లోరాజెపామే కొనసాగించేవాళ్లం. రెండో మోతాదు తర్వాత అతను కునుకు తీస్తున్నాడు, పిలిస్తే "ఊఁ" అంటున్నాడు.

8. ఎక్కడికి పంపాలి

సీటీలో రక్తస్రావం లేదు. సోడియం 131, పొటాషియం 3.1. పొటాషియం తక్కువుంది కాబట్టి ఈసీజీ తీశాం, హాలోపెరిడాల్ జోలికి పోలేదు, పొటాషియం, మెగ్నీషియం ఎక్కించాం. జ్వరానికి ఛాతీ ఎక్స్‌రే, మూత్రం, మలేరియా పరీక్షలు చూశాం. డిలీరియంలోనే కొంచెం జ్వరం ఉండవచ్చు, అయినా వెతకకుండా దానికే అంటగట్టకూడదు.

ఈ రోగి వెళ్లాల్సింది మెడికల్ వార్డులో నర్సు కంటికి కనిపించే మంచానికి, ఎర్రగడ్డకు కాదు. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి డాక్టరుకు చెప్పాల్సింది ఇది: కల్లు ఆగి మూడో రోజు, మొన్న ఒక మూర్ఛ, సీటీ బాగుంది, లోరాజెపామ్ 2, డయాజెపామ్ 20 ఇచ్చాం, ఆఖరి మోతాదు ఇన్ని గంటలకు, వణుకు పెరిగితే మళ్లీ ఇవ్వాలి, చక్కెర నాలుగు గంటలకోసారి చూడాలి. సైకియాట్రీ డాక్టరును వార్డుకే పిలిపించాలి. నాలుగైదు రోజులకు డిలీరియం దిగాక బెంజోడయాజెపైన్‌ను ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు. డిశ్చార్జి రోజు గోలీలు ఒక్కసారిగా ఆపి ఊరికి పంపితే ఇదే మనిషి మళ్లీ మూడో రోజు ఇదే స్థితిలో వస్తాడు, లేదా నేరుగా కల్లు కాంపౌండ్‌కు పోతాడు.

తెలివి వచ్చాక అతనితో కూర్చుని, రాత్రి ఎందుకు పట్టుకున్నామో, ఏ సూది వేశామో చెప్పండి. చాలామందికి సగం గుర్తుంటుంది, ఆ సగం భయంకరంగా గుర్తుంటుంది. రాత్రి తోపు తిన్న నర్సమ్మకు భుజం చూపించుకోమని చెప్పి, ఆ సంగతి కూడా రిజిస్టరులో రాయించండి.